డై నుంచి నెరుపులోకి, మెల్లమెల్లగా

ఏళ్ల తరబడి నల్లరంగు వేసుకున్న తలకు రంగు ఆపేస్తే మూడు నాలుగు వారాల్లో పాపిడికి రెండు పక్కలా తెల్లటి గీత తేలుతుంది. తల వెంట్రుక నెలకు ఇంచుమించు 1 నుంచి 1.25 సెం.మీ. పెరుగుతుంది కాబట్టి, రెండు నెలలు గడిచేసరికి ఆ గీత రెండు వేళ్ల వెడల్పు పట్టీలా మారుతుంది. పైన తెలుపు, దాని కింద కారునలుపు, మధ్యలో గీసినట్టు ఒక సరిహద్దు. డై మానేయాలని మొదలుపెట్టిన చాలామంది సరిగ్గా ఇక్కడే మనసు మార్చుకుని మళ్లీ డబ్బా తెరుస్తారు. రంగు జోలికి ఎన్నడూ పోనివారికి ఈ ఇబ్బంది ఉండదు. వారి జుట్టు పదేళ్లో పదిహేనేళ్లో పట్టి కొద్దికొద్దిగా నెరుస్తుంది, ఏ రోజూ గీత కనబడదు. రంగు వేసుకున్నవారి విషయంలో ఆ పదేళ్ల నెరుపంతా ఒక్కసారిగా కుదుళ్ల దగ్గర బయటపడుతుంది.

ఆ సరిహద్దును చెరిపి, నెరుపును మెల్లగా కిందికి దిగనివ్వడమే ఇక్కడ చెప్పబోయే పద్ధతి. పార్లర్లలో దీన్ని గ్రే బ్లెండింగ్ అంటారు. ఇందులో పని ఎక్కువగా జరిగేది తెల్ల వెంట్రుకల మీద కాదు, వాటి కిందనున్న పాత నల్లరంగు మీద. ఈ సంగతి మొదటే తెలిస్తే డబ్బూ జుట్టూ రెండూ మిగులుతాయి. మగవారికి సాధారణంగా ఇదంతా అక్కరలేదు. జుట్టు 4 సెం.మీ. ఉన్నవారు నెలనెలా క్షవరం చేయించుకుంటే మూడు నాలుగు నెలల్లో రంగు మొత్తం కత్తెర కింద పోతుంది. నటుడు అజిత్ 2011లో ‘మంకాత్తా’లో నెరిసిన జుట్టుతో కనిపించాక మగవారి నెరుపును ఎవరూ వింతగా చూడడం లేదు. ఆడవారికి దారి పొడవు, జడ ఎంత పొడవో అంత. నటి సమీరా రెడ్డి కొన్నేళ్ల కిందట తన నెరిసిన పాపిడిని దాచకుండా ఫొటోలు పెట్టడం మొదలుపెట్టాక మన దగ్గర కూడా ఈ ప్రశ్న అడిగే మహిళలు కనబడుతున్నారు. ఈ వ్యాసం ప్రధానంగా వారికోసం: భుజాలు దాటిన జుట్టు, ఏళ్ల తరబడి నల్ల డై.

నెరిసిన జుట్టు అని మనం అనేది నిజానికి రెండు రకాల వెంట్రుకల కలయిక. వెంట్రుక కుదురులో ఉండే కణాలు మెలనిన్ అనే రంగు పదార్థాన్ని అందించినంత కాలం వెంట్రుక నల్లగా వస్తుంది. అవి పని మానేశాక తెల్లగా వస్తుంది. ఈ రెండూ పక్కపక్కన ఉన్నప్పుడు దూరం నుంచి చూసే కంటికి బూడిదరంగులా తోస్తుంది. ఈ మార్పు తలంతా ఒకేసారి రాదు. చాలామందిలో కణతల దగ్గర, నుదుటి మీద మొదలై, తర్వాత నడినెత్తికి పాకి, మెడ వెనక అన్నిటికన్నా ఆలస్యంగా చేరుతుంది. అందువల్ల ముఖం చుట్టూ దాదాపు తెల్లగా ఉన్న తల, వెనక మూడొంతులు నల్లగానే ఉండవచ్చు. ఏళ్లుగా డై వేసుకుంటున్నవారికి తమ తలమీద తెలుపు ఎక్కడెంత ఉందో తెలియదు. పెరగనిచ్చి చూస్తేనే తెలుస్తుంది.

ఇక పాత రంగు సంగతి. మార్కెట్లో దొరికే నల్ల డైలలో ఎక్కువవాటికి ఆధారం పారాఫినైలీన్ డయమీన్ అనే రసాయనం. పొట్టిగా పీపీడీ అంటారు. డబ్బాలో ఉన్నప్పుడు దాని అణువులు చిన్నవి, వాటికి పెద్దగా రంగు ఉండదు. అమ్మోనియా లాంటి క్షారం వెంట్రుక మీది పొలుసులను తెరుస్తుంది, ఈ చిన్న అణువులు లోపలికి పోతాయి, హైడ్రోజన్ పెరాక్సైడ్ తగిలి ఒకదానితో ఒకటి కలిసి పెద్ద అణువులవుతాయి. అప్పుడే నలుపు పుడుతుంది. లోపలికి వెళ్లేటప్పుడు చిన్నవి, బయటికి రావాలంటే పెద్దవి. తలస్నానం ఎన్నిసార్లు చేసినా నల్ల డై పూర్తిగా పోకపోవడానికి కారణం ఇదే. పైగా ఇంట్లో డై వేసుకునేవారు కుదుళ్లకు మాత్రమే రాసి ఊరుకోరు, మిగిలినది కొసల దాకా దువ్వేస్తారు. మూడేళ్ల వయసున్న కొస వెంట్రుక మీద ఇలా ముప్పై నలభై సార్లు రంగు పడి ఉంటుంది. తలలో అన్నిటికన్నా గట్టిగా రంగు పట్టినది, అన్నిటికన్నా బలహీనమైనదీ ఆ కొసే.

ఇక్కడే చాలామంది చేసే ఒక పొరపాటు ఉంది. నలుపు నుంచి దిగాలంటే ముందు బ్రౌన్ డై వేసుకుని, తర్వాత లేత బ్రౌన్ వేసుకుంటే సరిపోతుందని అనుకుంటారు. రంగు మీద రంగు వేస్తే కింది రంగు తేలికపడదు. నల్లబడిన పొడవు నల్లగానే ఉండి, కొత్తగా పెరిగిన కుదుళ్లు మాత్రం బ్రౌన్ అవుతాయి. అంటే ఒక గీతకు బదులు రెండు గీతలు. లోపల పాతుకున్న నలుపును తేలిక చేసేది ప్రధానంగా బ్లీచ్. అది వెంట్రుకలోని సహజ మెలనిన్‌ను, డై అణువులను రెండింటినీ విరగ్గొడుతుంది.

బ్లీచ్ పడిన నల్లజుట్టు నేరుగా తెల్లబడదు. మొదట ముదురు ఎరుపు, తర్వాత ఇటుకరంగు, నారింజ, పసుపు, చివరికి అరటితొక్క లోపలివైపు కనిపించే లేత పసుపు. వెండి రంగు నిలిచేది ఆ చివరి మెట్టు మీదే. ఏళ్ల తరబడి నల్ల డై పట్టిన జుట్టు ఒక విడతలో మామూలుగా నారింజ దగ్గర ఆగిపోతుంది. అక్కడినుంచి బలవంతంగా లేత పసుపు దాకా లాగితే కొసలు తెగుతాయి. 2020 ఆస్కార్ వేడుకకు నటి జేన్ ఫోండా వెండిజుట్టుతో వచ్చినప్పుడు, కాలిఫోర్నియాకు చెందిన జాక్ మార్టిన్ ఒక్కరోజులో ఏడు గంటలు కూర్చోబెట్టి ఆ మార్పు చేశాడని ప్రపంచమంతా చదివింది. అలాంటి ఫొటో చూపించి అదే కావాలని అడిగేవారు ఒక సంగతి గమనించాలి. ఆమె అప్పటికే బంగారు రంగు జుట్టుతో ఉంది. బంగారు రంగు నుంచి వెండికి దూరం తక్కువ. కారునలుపు నుంచి అదే దూరం ఎన్నో రెట్లు. మన జుట్టుకు ఒక్కరోజు పద్ధతి తగదు. నెలల మీద పరిచిన పద్ధతే తగినది.

మొదలుపెట్టే ముందు జుట్టు చరిత్ర తేలాలి. గత మూడేళ్లలో తలకు ఏమేమి పట్టించారో నిజం చెప్పాలి: క్రీమ్ డైనా, పొడి డైనా, నూనెలా ఉండే నల్ల ద్రవమా, గోరింటాకా, నీలి ఆకు పొడా, స్మూతనింగ్ చేయించారా. గోరింటాకు పేరుతో అమ్మే నల్లపొడుల్లో చాలావాటిలో పీపీడీయే ఉంటుంది. రోజూ కొద్దికొద్దిగా నల్లబరిచే కొన్ని ద్రవాల్లో సీసం, వెండి వంటి లోహ లవణాలు ఉండవచ్చు. లోహమున్న జుట్టుకు పెరాక్సైడ్ తగిలితే వేడి పుట్టి, ఆవిరి లేచి, వెంట్రుక అక్కడికక్కడే పాడవుతుంది. అనుమానముంటే దువ్వెనలో రాలిన జుట్టు గానీ, వెనక నుంచి కత్తిరించిన చిన్న పాయ గానీ తీసి, 30 మి.లీ. 6 శాతం పెరాక్సైడ్‌లో 20 చుక్కల అమ్మోనియా కలిపిన గాజుపాత్రలో అరగంట ఉంచుతారు. ద్రావణం వేడెక్కినా, నురగ పొంగినా, కుళ్లిన వాసన వచ్చినా, పాయ జిగురుగా సాగినా ఆ తలకు బ్లీచ్ మాట ఎత్తకూడదు. ఇది సౌందర్య విద్యలో నేర్పే పాత పరీక్ష, పార్లర్‌లోనే చేయించుకోవాలి. దీన్ని అడిగితే విసుక్కునే చోట జుట్టు అప్పగించకపోవడం మేలు.

ఇప్పుడు ఒక తలను తీసుకుని క్రమం చూద్దాం. యాభై రెండేళ్ల మహిళ అనుకుందాం. కుదురు నుంచి కొస దాకా 40 సెం.మీ. జుట్టు. పన్నెండేళ్లుగా మూడు వారాలకోసారి నల్ల క్రీమ్ డై. గోరింటాకు లేదు, స్మూతనింగ్ లేదు. ముందువైపు మూడొంతులు తెలుపు, మెడ వెనక పావువంతు. మన ఊళ్లలో అతి సాధారణంగా కనిపించే తల ఇది.

మొదటి మూడు నెలలు ఆమె జుట్టుకు శాశ్వతమైన రంగేదీ పడదు. మొదటిరోజే చేసే పని ఒక్కటే: 40 సెం.మీ.లో 10 కత్తిరించడం. పోయేది అన్నిటికన్నా ఎక్కువ రంగు తాగిన, ఎన్నటికీ తేలికపడని భాగం కాబట్టి ఈ ఒక్క కత్తిరింపు తర్వాతి పనిలో చాలా భాగాన్ని తగ్గిస్తుంది. జడ వదులుకోలేనివారు ఈ మెట్టు దాటేయవచ్చు గానీ, అప్పుడు మొత్తం కాలం ఏడాది దాకా పెరుగుతుంది. ఈ మూడు నెలల్లో పెరిగే 3.5 సెం.మీ. చూస్తేనే తెలుపు ఎక్కడెంత ఉందో, మిగిలిన నల్ల వెంట్రుకల అసలు రంగేమిటో తెలుస్తుంది. సహజమైన నలుపు ఎండలో కాస్త గోధుమ ఛాయతో ఉంటుంది, డై నలుపు నీలంగా మెరుస్తుంది. ఆ తేడా కూడా గీతను ఎత్తి చూపుతుంది. ఈలోపు పెళ్లికో ఫంక్షన్‌కో వెళ్లాల్సి వస్తే, కుదుళ్ల మీద అద్దుకునే పొడి గానీ మస్కారాలాంటి పూత గానీ సరిపోతుంది. అవి తలస్నానంతో పోతాయి. నడిమధ్య తిన్నని పాపిడి గీతను అద్దంలా చూపిస్తుంది కాబట్టి, పాపిడిని పక్కకు జరిపి వంకరటింకరగా తీసి, జుట్టును వదులుగా వెనక్కి దువ్వితే సరిహద్దు సగం మాయమవుతుంది.

మూడో నెల చివర అసలు పని మొదలవుతుంది. పార్లర్‌లో ఆమె జుట్టులోంచి సన్నని పాయలు, ఒక్కొక్కటి పదీ పదిహేను వెంట్రుకలకు మించకుండా, తోకదువ్వెనతో ఏరి తీస్తారు. ముఖం చుట్టూ, పాపిడికి రెండు పక్కలా దగ్గరదగ్గరగా, వెనకవైపు దూరదూరంగా. వెనక నెరుపు తక్కువ కాబట్టి అక్కడ ఎక్కువ తేలిక చేస్తే రేపు పెరిగే సహజ జుట్టుతో పొసగదు. ఏరిన ప్రతి పాయకూ కింద ఫాయిల్ పరిచి, పాత డై మొదలయ్యే చోటునుంచి కిందికి మాత్రమే బ్లీచ్ పూస్తారు. కొత్తగా వచ్చిన 3.5 సెం.మీ. జోలికి పోరు. వాడే పెరాక్సైడ్ 6 శాతానిది, అంటే పార్లర్ భాషలో 20 వాల్యూమ్. 9, 12 శాతాలు త్వరగా తేలిక చేస్తాయి, అంత త్వరగానూ విరుస్తాయి. ఐదు పది నిమిషాలకోసారి ఒక ఫాయిల్ విప్పి చూస్తూ, తయారీదారు చెప్పిన గడువు దాటకుండా కడిగేస్తారు.

కడిగాక ఆ పాయలు ఇటుకరంగులోనో నారింజలోనో ఉంటాయి. ఇది చూసి కంగారు పడనక్కరలేదు, ఈ విడతలో చేరవలసింది అక్కడికే. దాని మీద నీలి ఛాయ ఉన్న టోనర్ వేస్తారు. నీలం నారింజను అణుస్తుంది, ఊదా పసుపును అణుస్తుంది. టోనర్ తర్వాత పాయలు బూడిద ఛాయ గల బ్రౌన్‌లో నిలబడతాయి. ఇప్పుడు కారునలుపు గోడలా కాక నలుపూ బ్రౌనూ కలిసిన వెడల్పు గీతల్లా ఉంటుంది, దాని పక్కన తెలుపు అంతగా కొట్టొచ్చినట్టు కనబడదు.

అదే రోజు రెండో పని, గీతకు పైవైపు. కొత్తగా పెరిగిన తెలుపులోంచి నాలుగైదు పాయలకు ఒకటి చొప్పున సన్నగా ఏరి, వాటికి ముదురు బ్రౌన్ వేస్తారు. దీన్ని లోలైట్ అంటారు. దీనికి శాశ్వతమైన డై వాడకూడదు, డెమీ పర్మనెంట్ అనే రకం వాడాలి. అందులో పెరాక్సైడ్ 3 శాతం గానీ అంతకన్నా తక్కువ గానీ ఉంటుంది, అమ్మోనియా ఉండదు, రంగు ఇరవై పాతిక తలస్నానాల్లో తేలిపోతుంది. అది వెలిసిపోయేటప్పుడు మెల్లగా పలచబడుతుంది కాబట్టి కొత్త గీత ఏర్పడదు. పైన తెలుపులోకి కాస్త ముదురు, కింద నలుపులోకి కాస్త లేత చొరబడడంతో మధ్యలో సరిహద్దు అనేదే చెదిరిపోతుంది. మొత్తం పద్ధతికి కీలకమంతా ఈ ఒక్క రోజు పనిలో ఉంది. తర్వాతి విడతలు దీన్నే తగ్గిస్తూ తిరిగి చేయడం.

ఆరో నెలకు, మళ్లీ తొమ్మిదో నెలకు ఆమె తిరిగి కూర్చుంటుంది. రెండు విడతల మధ్య కనీసం ఎనిమిది పది వారాలు ఉండాలి. ప్రతిసారీ వేరే పాయలు ఏరుతారు, మొదటి విడతలో తేలికపడిన పాయల్లో గట్టిగా ఉన్నవాటినే ఇంకో మెట్టు, పసుపు దాకా, తీసుకెళతారు. ఏది గట్టిగా ఉందో తెలుసుకోవడానికి తడి వెంట్రుకను ఒకదాన్ని రెండు వేళ్ల మధ్య మెల్లగా లాగి చూస్తారు. సాగి మళ్లీ వెనక్కి వస్తే మంచిది. జిగురులా సాగి అలాగే ఉండిపోయినా, లాగగానే పుటుక్కున తెగినా ఆ పాయకు ఇక బ్లీచ్ లేదు. లోలైట్లు మాత్రం ప్రతి విడతకూ తగ్గాలి: మొదట ఐదింటికి ఒకటి, తర్వాత పదింటికి ఒకటి, తొమ్మిదో నెలలో పాపిడి దగ్గర నాలుగైదు పాయలు చాలు. చాలా బ్లెండింగులు దారి తప్పేది ఇక్కడే. అద్దంలో తెలుపు ఎక్కువైనట్టు తోచి, ఇంకో నాలుగు లోలైట్లు, ఇంకో నాలుగు అంటూ అడుగుతూ పోతే ఏడాది చివర తల మళ్లీ పూర్తిగా బ్రౌన్ డైతో ఉంటుంది.

రెండు నెలలకోసారి 2 సెం.మీ. కొసలు తీయించుకుంటూ వచ్చిన ఆమె లెక్క ఇలా ఉంటుంది. ఏడాది చివర కుదుళ్ల నుంచి 14 సెం.మీ. సొంత జుట్టు, కింద 18 సెం.మీ. తేలికపడిన పాత రంగు. ఏడాదిన్నరకు సొంత జుట్టు 21 సెం.మీ. దాటుతుంది, అది మెడ దాకా వచ్చే పొడవు. మెడ దాకా ఉన్న జుట్టు సరేననుకుంటే మిగిలిన 12 సెం.మీ. ఆ రోజే తీసేసి పని ముగించవచ్చు. భుజాల దాకా కావాలంటే ఇంకో ఏడెనిమిది నెలలు ఆగాలి. ఆ ఆగే కాలంలో బ్లీచ్ అక్కరలేదు, ఆరేడు వారాలకోసారి టోనర్ మాత్రం తాజా చేయించుకుంటే చాలు.

ఈ దారిలో సర్వసాధారణంగా జరిగే పొరపాట్లను గుర్తుపట్టడం కష్టం కాదు. టోనర్ వేయించుకున్న మూడు నాలుగు వారాలకు పాయల్లో నారింజ మళ్లీ పైకి తేలితే, అది టోనర్ కడుక్కుపోవడం మాత్రమే. వారానికోసారి నీలిరంగు షాంపూ వాడితే కొంతకాలం నెట్టుకురావచ్చు. పసుపు తేలితే ఊదా షాంపూ. ఒకదానికి బదులు ఇంకొకటి వాడితే ఫలితం ఉండదు, దుకాణాల్లో ఈ తేడా చెప్పేవారు తక్కువ. కుదుళ్ల దగ్గరి సహజమైన నల్ల వెంట్రుకలు ఎర్రటి ఛాయకు తిరిగితే, బ్లీచ్ గానీ పెరాక్సైడ్ ఉన్న రంగు గానీ గీత దాటి పైకి పాకిందని అర్థం. తలచర్మం వేడికి అక్కడ రసాయనం త్వరగా పనిచేస్తుంది. దాన్ని బూడిద ఛాయ గల డెమీతో అణిచి, పెరగనివ్వడం తప్ప వేరే మార్గం లేదు. పొడవు మధ్యలో అడ్డంగా లేత పట్టీ ఏర్పడితే, బ్లీచ్ ఒకే చోట రెండుసార్లు పడిందన్నమాట. కొసలు బురదరంగులోకి పోతే, బోలుబారిన కొసలు టోనర్‌ను అతిగా తాగాయి. దానికి మందు కత్తెరే. దిండు మీద, దువ్వెనలో రెండు మూడు సెం.మీ. పొట్టి ముక్కలు పడుతుంటే వెంట్రుక రాలడం లేదు, తెగుతోంది. రాలిన వెంట్రుక పూర్తి పొడవుతో, ఒక చివర చిన్న తెల్లటి ఉబ్బుతో ఉంటుంది. తెగుతున్నదని తేలిన రోజు బ్లీచ్ విడతలన్నీ ఆపేయాలి.

బ్లీచ్ అసలు పనికిరాని తలలు కొన్ని ఉన్నాయి. స్మూతనింగ్, రీబాండింగ్ చేయించుకున్న జుట్టు లోపలి బంధాలు ఒకసారి తెగి తిరిగి కట్టుకున్నవి. దాని మీద బ్లీచ్ పడితే పాయలు పాయలుగా ఊడివచ్చే ప్రమాదముంది. గోరింటాకుతో పాటు నీలి ఆకు పెట్టుకున్న జుట్టు బ్లీచ్‌తో పచ్చగా తిరగవచ్చు, ఆ పచ్చదనాన్ని తీయడం నిపుణులకే కష్టం. గోరింటాకు ఒక్కటే పెట్టుకున్నవారికి నారింజ, తెలుపు మధ్య సరిహద్దు ఉంటుంది. వారు పొడవు మీద బూడిద ఛాయ గల డెమీ వేయించుకుని నారింజను అణిచి, కొసలు తీస్తూ పోవడం మంచిది.

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సినది డై పడనివారు. నిజానికి మన దగ్గర చాలామంది డై మానేయాలనుకునేది అందం గురించి ఆలోచించి కాదు, ఒంటికి సరిపడక. డై వేసుకున్న ఒకటి రెండు రోజుల్లో తల దురద, చెవుల అంచున ఎర్రదనం, కనురెప్పల వాపు వస్తే అది పీపీడీ అలర్జీ లక్షణం. నుదుటి అంచున, కణతల మీద, మెడ మీద చర్మం క్రమంగా నల్లబడడం కూడా అదే కావచ్చు. ఒకసారి అలర్జీ పట్టుకుంటే సాధారణంగా జీవితాంతం ఉంటుంది, ప్రతిసారీ ఎక్కువవుతుంది. అలాంటివారికి లోలైట్లు కూడా పనికిరావు. డెమీ రంగుల్లోనూ పీపీడీ గానీ దాని దగ్గరి బంధువైన రసాయనం గానీ ఉంటుంది. అమ్మోనియా లేదని డబ్బా మీద రాసి ఉండడం పీపీడీ లేదనడానికి రుజువు కాదు. బ్లీచ్‌లో పీపీడీ ఉండదు, కానీ అందులోని పర్‌సల్ఫేట్లు కూడా కొందరి చర్మానికి, ఉబ్బసం ఉన్నవారి ఊపిరికి పడవు. చర్మవైద్యుడికి చూపించుకున్నాక, పొట్టిగా కత్తిరించుకుని, కుదుళ్లకు పొడి అద్దుకుంటూ పెరగనిచ్చే దారే వారికి క్షేమం. అలర్జీ లేదనుకునేవారు కూడా ప్రతి కొత్త రంగుకూ 48 గంటల ముందు చెవి వెనకో మోచేతి మడతలోనో చుక్క పెట్టి చూసుకోవాలి. ఏళ్లుగా సరిపడిన రంగు ఒకరోజు పడకపోవడం అరుదు కాదు.

సొంత జుట్టు పొడవంతా దిగాక దానికీ ఒక ఇబ్బంది ఉంది, పసుపు. మెలనిన్ లేని వెంట్రుక ఎండను అడ్డుకోలేదు, బయటి రంగునూ దాచలేదు. ఎండ, సిగరెట్ పొగ, ఇనుము ఎక్కువున్న బోరు నీళ్లు, బాగా వేడి చేసే స్ట్రెయిట్‌నర్, రంగు కలిపిన తలనూనెలు తెల్లజుట్టును పసుపు చేస్తాయి. ఎక్కడ పచ్చబడిందో చూస్తే కారణం తెలుస్తుంది. పైపొర పసుపుగా ఉండి కింది పొర తెల్లగా ఉంటే అది ఎండ. పైనా కిందా ఒకేలా, కొసల వైపు ఎక్కువగా ఉంటే నీళ్లో నూనో అయ్యుండాలి. నీళ్లదైతే ఖనిజాలను పట్టి లాగే ఈడీటీఏ ఉన్న షాంపూతో నెలకోసారి తలస్నానం చేసి, ఆఖరి మగ్గు మాత్రం ఫిల్టర్ నీళ్లు పోసుకోవచ్చు. నూనె అలవాటున్నవారు ఆకుపచ్చవి, ఎర్రవి మాని రంగు కలపని కొబ్బరినూనెకు మారాలి. ఊదా షాంపూ వారానికి ఒకసారి, రెండు మూడు నిమిషాలు ఉంచితే చాలు. ఎక్కువసేపు ఉంచినా, రోజూ వాడినా తెలుపు మీద లేత ఊదా ఛాయ నిలిచిపోతుంది. అది రెండు మూడు మామూలు తలస్నానాలతో పోతుంది. వయసుతో తలచర్మంలో నూనె తగ్గడం వల్ల నెరిసిన జుట్టు పొడిగా, బిరుసుగా తోస్తుంది కాబట్టి తలస్నానం తర్వాత కండిషనర్ తప్పనిసరి.

పాత రంగు పూర్తిగా పోయిందో లేదో తేల్చుకోవడానికి జుట్టును తడిపి, పగటి వెలుతురులో, వెనకనున్న కింది పొరను పైకెత్తి చూడాలి. అక్కడి జుట్టు తక్కువగా తేలిక చేయించుకున్నది, సహజంగానూ నల్లనిది, కాబట్టి డై ముక్కలు చివరిదాకా అక్కడే దాక్కుంటాయి. తడిసినప్పుడు సహజమైన నలుపు మెత్తగా మెరుస్తుంది, డై మిగిలిన కొసలు మాట్టుగా, ఎర్రటి లేదా నీలి ఛాయతో వేరుగా కనబడతాయి. ఆ ముక్కలను తర్వాతి కత్తిరింపులో తీయించేస్తే సరిపోతుంది.